ఏం కావాలి చెప్పు?



గోడ ముందు నిలబడి చదివేవాళ్లకు కాళ్లు నొప్పి పుట్టకముందే అసలు సంగతి చెప్పేస్తాను. నాకు నాలుగు ఆదివారాలు కావాలి. ఒక్కో ఆదివారం ముప్పావు గంట. ఏదైనా చేతిపని మాటలను జనం దగ్గరికి వెళ్లి, అడిగి, రాసుకున్న అనుభవం ఉన్న అక్క ఒక్కరు దొరికితే చాలు. ఈ నాలుగు ముక్కలు అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. అంత ఎందుకు పట్టిందో కూడా చెప్తాను. వినండి.

మా ఇల్లు హోట్గి రోడ్డులో నేతగాళ్ల ఇండ్ల మధ్య ఉంది. పొద్దున లేస్తే చెవిలో మొదట పడేది మగ్గాల చప్పుడే. మా నాయిన టవల్ మగ్గాల షెడ్డులో పని చేస్తాడు. అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. తాత చిన్నప్పుడు సిరిసిల్ల వైపు నుంచి తల్లిదండ్రుల వెంట సోలాపూర్ వచ్చాడు. ఇక్కడ గుంట మగ్గం మీద లుగుడాలు నేశాడు, తరువాత పవర్‌లూమ్ మీదికి మారాడు. ఇప్పుడు 78 ఏళ్లు. చేతులు వణుకుతాయి గానీ మాట వణకదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకు ఏం తీసుకుంటావని తెలుగు శాఖలో అడిగినప్పుడు నేను "సోలాపూర్ తెలుగు" అని రాసిచ్చాను. మేడం చూసి, "ఇది ప్రాజెక్టు కాదమ్మా, ఒక జన్మకు సరిపోయే పని. కొంచెం చిన్నది చెయ్యి" అన్నారు. బీడీల మాటలు, మగ్గం మాటలు అన్నాను. "ఇంకా చిన్నది" అన్నారు. చివరికి టవల్ నేసే మగ్గం దగ్గర మన తెలుగువాళ్లు వాడే మాటలు అని తేల్చుకున్నాం. బీడీ మాటలు వదిలేసినందుకు అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. "తునికాకు కత్తిరించే మాటలు మాటలు కావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఏడాది చెల్లెళ్లలో ఎవరైనా తీసుకోవాలి అది.

మేడం తన దగ్గరున్న ఒక పుస్తకం ఇచ్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశంలో రెండో సంపుటం. మొదటి సంపుటం వ్యవసాయం మాటలు, 1962లో వచ్చింది. రెండోది చేనేత మాటలు, 1971లో వచ్చింది. ఊళ్లకు వెళ్లి, పని చేసేవాళ్లనే అడిగి కూర్చిన పుస్తకాలు అవి. ఒకే వస్తువును ఒక జిల్లాలో ఒకటి, ఇంకో జిల్లాలో ఇంకొకటి అంటారని అందులో కనిపిస్తుంది. ఆ పేజీలు తిరగేస్తుంటే తాత నోట విన్న మాటలు అచ్చులో దొరికాయి. నాడె, కండె, పడుగు, పేక. కానీ ఆ సేకరణ జరిగింది అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో. మన సోలాపూర్ అందులో లేదు. పైగా అది చేతి మగ్గం మాటల పుస్తకం. మరాఠీ, కన్నడం, హిందీ నడుమ, కరెంటుతో ఆడే మగ్గం ముందు నిలబడిన తెలుగువాడు ఏ మాట అంటున్నాడో రాయడం నా పని.

దసరా సెలవుల నుంచి మొదలుపెట్టి 212 కార్డులు రాశాను. ఒక్కో కార్డు మీద మాట, దాని అర్థం, చెప్పిన మనిషి వయసు, వాళ్ల పెద్దల ఊరు, ఎన్నేళ్లుగా సోలాపూర్‌లో ఉన్నారు అని రాశాను. నేను చాలా పెద్ద పని చేశాననుకున్నాను. అక్కడే తట్టుకుని పడ్డాను. ఎక్కడ తట్టుకున్నానో మాత్రం తెలియలేదు. కార్డులు ముందేసుకుని కూర్చుంటే ఏదో తప్పు ఉందనిపించేది. ఏదో చెప్పలేకపోయేదాన్ని.

అప్పుడు అక్కలకు ఉత్తరం రాయాలని తోచింది. శాఖలో పూర్వ విద్యార్థినుల రిజిస్టరు ఉంది కదా, మేడం ద్వారా తొమ్మిది మందికి పంపాను. రెండు నిండు పేజీలు. మన కళాశాల గొప్పతనంతో మొదలుపెట్టాను. మాతృభాష మీద ఒక పేరా, నా కుటుంబ పరిస్థితి మీద ఒక పేరా. చివర "మీ అమూల్యమైన సలహాలతో నా వంటి చెల్లెలికి దారి చూపించగలరని వేడుకుంటున్నాను" అని ముగించాను. రాసి చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

ఏడుగురు జవాబు ఇవ్వలేదు. ఒక అక్క, బాగా చదువుకో చెల్లీ, మంచి జరుగుతుంది అని ఆశీర్వదించారు. ఇంకో అక్క మాత్రం ఒకే ఒక్క వాక్యం రాశారు. "చెల్లీ, ఏం కావాలి చెప్పు?"

ఆ వాక్యం చూసి మొదట కోపం వచ్చింది. రెండు పేజీలు రాస్తే ఏం కావాలని అడుగుతారేంటి? ఆ కోపంతోనే నా ఉత్తరం మళ్లీ చదివాను. ఏం కావాలో అందులో ఎక్కడా లేదు. డబ్బు అడుగుతున్నానో, ఉద్యోగం అడుగుతున్నానో, పుస్తకాలు అడుగుతున్నానో చదివినవాళ్లకు తెలియదు. ఎంతసేపు, ఎన్నాళ్లు, ఎప్పటిలోపు అన్నదీ లేదు. ఆ ఏడుగురూ మనసు లేక ఊరుకున్నారని నేను బాధపడ్డాను గానీ, దేనికి సరే అనాలో తెలియని మనిషి ఊరుకోక ఏం చేస్తుంది? ఆ అక్కకు వెంటనే జవాబు రాద్దామని కూర్చున్నాను. పెన్ను కదల్లేదు. ఏం కావాలో నాకూ తెలియదని అప్పుడే తెలిసింది.

మేడం దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె ఒక తెల్ల కాగితం ఇచ్చి, "నీకు పని ఎక్కడెక్కడ ఆగిందో వరుసగా రాయి. కష్టాలు రాయకు. ఆగిన చోట్లు రాయి" అన్నారు. ఆ తేడా పట్టుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. "ఇంట్లో చదువుకోవడానికి చోటు లేదు" అనేది కష్టం. "ఈ మాట తెలుగో మరాఠీయో తేల్చలేకపోతున్నాను" అనేది ఆగిన చోటు. మొత్తం పదకొండు తేలాయి.

మేడం వాటిని జల్లెడ పట్టినట్టు పట్టారు. మూడు ప్రశ్నలకు జవాబు లైబ్రరీలోనే ఉంది, నేను వెతకలేదు అంతే. ఐదు ఆమే చెప్పగలిగారు. అకారాది క్రమం ఎలా పెట్టాలి, ముందుమాటలో ఏం ఉండాలి, అట్లాంటివి. మిగిలినవి మూడు. "ఇవి నేను చెప్పలేను. నేను ప్రబంధాలు చదువుకున్నదాన్ని. షెడ్డులో నిలబడి మాటలు రాసుకున్నదాన్ని కాదు. అక్కలను అడగవలసింది ఈ మూడే" అన్నారు. ఆ మూడూ ఇక్కడ చెప్తాను.

మొదటిది నేను అడిగిన తీరు. నాయిన ఎదుట కూర్చుని, "నిలువు పోగులను పడుగు అంటారు కదా నాయినా?" అని అడిగాను. "ఆ, పడుగే" అన్నాడు. కార్డు మీద పడుగు అని రాసుకున్నాను. మరో వారం షెడ్డుకు టిఫిన్ డబ్బా తీసుకెళ్లినప్పుడు నాయిన పక్క మగ్గం అతనికి అరిచి చెప్తున్నాడు, "తాణా తెగింది సూడు!" అని. తాణా మరాఠీ మాట. ఇంట్లో పడుగు అన్న మనిషి పనిలో తాణా అంటున్నాడు. నాయిన అబద్ధం చెప్పలేదు. మాట నేనే నోటికి అందించాను, ఆయన అవునన్నాడు. కాలేజీలో చదివే బిడ్డ పుస్తకం పట్టుకుని అడుగుతుంటే కాదని ఎందుకంటాడు?

ఇంటికొచ్చి నా ప్రశ్నల నోట్‌బుక్కు తీశాను. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగినవి లెక్కపెడితే 64 తేలాయి. అంటే 212లో 64 కార్డులు నమ్మడానికి లేదు. ఇప్పుడు వస్తువును చేతితో చూపించి "ఇదేంది?" అని అడుగుతున్నాను. నాడె వంటి వాటికి అది సరిపోతుంది. కానీ చూపించలేనివి ఉన్నాయి. టవల్ మగ్గానికి రెండు బీములు ఉంటాయి. ఒకదాని పోగులు బిగుతుగా ఉండి బట్ట నేలను పడతాయి. రెండోదాని పోగులు వదులుగా వచ్చి, టవల్ మీద మనకు మెత్తగా తగిలే చిన్న చిన్న లూపులవుతాయి. ఆ బిగుతు తప్పితే లూపులు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి అవుతాయి. ఆ తప్పుకు పేరు ఉంది, నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి విన్నాను. కానీ నా నోటితో చెప్పకుండా వాళ్ల నోటి నుంచి ఎట్లా రప్పించాలి? పాడైన టవల్ తీసుకెళ్లి చూపిస్తే, "ఇది నా మగ్గంది కాదు" అంటున్నారు. నేను తప్పు పట్టడానికి వచ్చాననుకుంటున్నారు.

రెండోది కండె సంగతి. నాడెలో పెట్టే, పేక నూలు చుట్టిన చిన్న కడ్డీని షెడ్డులో అందరూ "కాండి" అంటారు. మరాఠీవాళ్లూ కాండి అనే అంటారు. అందుకని నేను కార్డు మీద "మరాఠీ నుంచి వచ్చింది" అని రాశాను. తాత అది విని నవ్వి, "మేము గుంట మగ్గం మీదనే కండె అన్నం బిడ్డా. అప్పుడు నాకు మరాఠీ యాడొస్తది?" అన్నాడు. పుస్తకంలోనూ కండె ఉంది. మా పక్కింటి కన్నడం అవ్వను అడిగితే, నూలు చుట్టను వాళ్లు కండికె అంటారని చెప్పింది. ఇప్పుడు మూడు భాషల్లో మూడు దగ్గరి మాటలు నా ముందు ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారు? షెడ్డులోని కాండి, తాత కండె ఒకటేనా, లేక తాత కండె పోయి మరాఠీ కాండి వచ్చి కూర్చుందా? మేడం ఒక మాట అన్నారు, "తేలనిదాన్ని తేలలేదని రాయడం కూడా పనే" అని. సరే, కానీ ఏది తేల్చదగినది, ఏది వదిలేయదగినది అని చెప్పేవాళ్లు కావాలి. ఇట్లాంటి కార్డులు నా దగ్గర 31 ఉన్నాయి.

మూడోది వినడం, రాయడం. షెడ్డులో మగ్గం నడిపించమని చెప్పడానికి "చాలూ చెయ్యి" అంటారు. మరాఠీలో చాలూ అంటే నడుస్తున్నది అని. ఇక ఆపమని చెప్పడానికి మన తెలుగు "చాలు" ఉండనే ఉంది. మగ్గాల మోతలో నేను ఫోన్‌లో రికార్డు చేసినదానిలో ఒక మనిషి గట్టిగా ఒక మాట అంటాడు. అది చాలు అనా, చాలూ అనా? నడపమన్నాడా, ఆపమన్నాడా? పదిసార్లు విన్నాను. తెలియలేదు. నాయినకు వినిపిస్తే, "ఆ చెయ్యి ఎట్లున్నదో చూస్తే గదా తెలిసేది" అన్నాడు. షెడ్డులో మాట సగం నోటితో, సగం చేతితో నడుస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో చిక్కు, ఆ చ ఎట్లా రాయాలి? చీరలో చ వేరు, చాపలో చ వేరు కదా. పాత పుస్తకాల్లో చాప మాటకు ౘ అని వేరే అక్షరం వాడారు. మరాఠీ మాటల్లోనూ ఈ రెండు రకాలూ ఉన్నాయి, హిందీలో మాత్రం చీరలోని చ ఒక్కటే. అంటే ఒక మాట షెడ్డుకు మరాఠీ నుంచి వచ్చిందో హిందీ నుంచి వచ్చిందో కొన్నిసార్లు ఆ చ చెప్తుంది. నేను అన్నిచోట్లా ఒకే చ రాసి ఆ ఆనవాలు చెరిపేశాను. ఇప్పుడు మళ్లీ వినాలి. మగ్గాలు ఆగినప్పుడు రికార్డు చేద్దామంటే, కరెంటు పోయి షెడ్డు నిశ్శబ్దమైనప్పుడు అందరూ నా ఫోన్ వైపు చూసి పుస్తకం తెలుగు మాట్లాడుతున్నారు. చప్పుడులో నిజం మాట ఉంది, వినబడదు. నిశ్శబ్దంలో వినబడుతుంది, నిజం మాట కాదు. దీనికి ఏదో ఉపాయం ఉండే ఉంటుంది. చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఈ మూడూ తేలాక ఉత్తరం మళ్లీ రాశాను. మొదటిసారి ఒక పేజీ వచ్చింది. మాతృభాష పేరా కొట్టేశాను. మా ఇంటి పరిస్థితి కొట్టేశాను. అది చదివి జాలిపడతారు, జాలితో 31 కార్డులు తేలవు. "ఎప్పుడైనా, ఎంతసేపైనా" అన్న మాట మర్యాదగా ఉందని ఉంచాను. మేడం దాన్నే ముందు కొట్టేశారు. "ఉద్యోగం, పిల్లలు, వంట ఉన్న మనిషికి ఎంతసేపైనా అంటే భయం వేస్తుందమ్మా. ముప్పావు గంట అంటే సర్దుకుంటుంది" అన్నారు. మిగిలింది ఇదీ:

"అక్కా, నమస్కారం. నేను బి.ఎ. చివరి సంవత్సరం తెలుగు విద్యార్థినిని. టవల్ మగ్గం దగ్గర సోలాపూర్ తెలుగువాళ్లు వాడే మాటలు 212 కార్డుల మీద రాశాను. మూడు చోట్ల ఆగిపోయాను. మాట అందించకుండా ప్రశ్న ఎలా అడగాలి? తెలుగో మరాఠీయో తేలని 31 మాటలను ఎలా రాయాలి? షెడ్డు చప్పుడులో విన్నదాన్ని ఎలా రికార్డు చేసి, ఏ అక్షరంతో రాయాలి? మీరు వృత్తి పదాలు గానీ, మాండలికం గానీ, జానపద పాటలు గానీ జనం దగ్గర సేకరించి ఉంటే, నాలుగు ఆదివారాలు, ఒక్కోసారి ముప్పావు గంట ఇవ్వగలరా? మీ ఇంటికి వస్తాను, లేదా ఫోన్‌లో మాట్లాడతాను. ప్రతిసారి 20 కార్డులు రెండు రోజుల ముందే పంపుతాను. ఫిబ్రవరి 28 లోపు పూర్తి కావాలి. వీలు కాకపోతే కాదని ఒక్క మాట చెప్పండి, నొచ్చుకోను. ఇంకెవరినైనా అడగమని పేరు చెప్పినా మేలే."

ఇది "ఏం కావాలి చెప్పు?" అన్న అక్కకు మొదట పంపాను. ఆ సాయంత్రమే జవాబు వచ్చింది. ఆమెకు ఈ పని తెలియదట, బ్యాంకులో పని చేస్తున్నారు. కానీ పాడైన టవల్ గురించి ఒక సంగతి రాశారు. "ఒక్క టవల్ చూపిస్తే తప్పు పట్టినట్టే ఉంటుంది చెల్లీ. మంచిది ఒకటి, పాడైంది ఒకటి పక్కపక్కన పెట్టి, రెంటికీ తేడా ఏమిటో నాకు అర్థం కాలేదని అడుగు." మరునాడు అట్లాగే చేశాను. తెలియనిదాన్నని చెప్పేసరికి ముగ్గురు నేతగాళ్లు పోటీపడి చెప్పారు. నేను చిన్నప్పటి నుంచి విన్న మాట ఇద్దరి నోట వచ్చింది. మూడో అతను ఇంకో మాట చెప్పాడు, నేను ఎన్నడూ విననిది. నా నోటి మాట అందించి ఉంటే ఆ మూడో మాట నాకు దొరికేదే కాదు.

ముగ్గురిలో పెద్దాయన నా కార్డు చూసి, "మా పేరు రాస్తవా దీని మీద?" అని అడిగాడు. వయసు, ఊరు రాస్తాను, పేరు రాయను అన్నాను. "ఊరు రాయి, చాలు" అన్నాడు. ఈసారి చాలు స్పష్టంగానే వినబడింది.

మొదటి ప్రశ్న సగం తేలింది. మిగతా రెండూ అట్లాగే ఉన్నాయి. నాయిన పని చేసే షెడ్డులో పాత మగ్గాలు తీసేసి నాడె లేని కొత్త మగ్గాలు పెడతారని అనుకుంటున్నారు. నాడె లేకపోతే దానిలోని కండె ఉండదు, కండె లేకపోతే ఆ మాట అనే అవసరమూ ఉండదు. తాతకు ఇప్పటికే కొన్ని పేర్లు మధ్యలో ఆగిపోతున్నాయి. వస్తువు ఆకారం చేతితో గాలిలో గీసి చూపిస్తాడు, పేరు రాదు. నిన్న అట్లా మూడుసార్లు జరిగింది. తేదీ వేసుకోవడానికి నాకున్న కారణం అదే. ప్రాజెక్టు గడువు దాని తరువాతిదే.

కార్డులన్నీ పని అయ్యాక శాఖ బీరువాలోనే పెడతాను. ఇప్పుడు అవి మేడం టేబుల్ మీద నీలం ఫైలులో ఉన్నాయి. సమావేశానికి వచ్చిన అక్కలు ఎవరైనా తీసి చూడవచ్చు. తప్పు కనిపిస్తే పెన్సిలుతో గీత పెట్టండి, చెరపకండి. ఏ ఆదివారం వీలో ఫైలు లోపల అతికించిన కాగితం మీద రాస్తే చాలు. మధ్యాహ్నం 3 దాటాక ఎప్పుడైనా వస్తాను.

మీ చెల్లెలు,
బి.ఎ. చివరి సంవత్సరం, తెలుగు శాఖ
హోట్గి రోడ్, సోలాపూర్